అకౌంట్ మూసేస్తే చెక్కు కేసు పడదా? అపోహలు - వాస్తవాలు

అపోహ: చెక్కు "అకౌంట్ క్లోజ్డ్" అని తిరిగొస్తే, చెక్కు బౌన్సుని నేరంగా చూసే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షన్ వర్తించదు.

శ్రీకాకుళం కోర్టు దగ్గర టీ కొట్లో కూర్చున్నా ఈ మాట వినిపిస్తుంది. దీన్ని నమ్మి డబ్బు వదులుకున్నవాళ్లూ, ధైర్యంగా ఖాతా మూసేసి ఇరుక్కున్నవాళ్లూ ఉన్నారు.

పలాస జీడిపప్పు వ్యాపారి ఒకరు పిక్కలు కొని, రైతుకి 2 లక్షల చెక్కు ఇచ్చారనుకుందాం. రైతు బ్యాంకులో వేసేలోగా ఖాతా మూసేశారు. సెక్షన్ చెప్పే కారణాలు రెండే: ఖాతాలో సొమ్ము చాలకపోవడం, బ్యాంకుతో కుదిరిన పరిమితి దాటడం. మూసివేత మాట అందులో లేదు.

మాటలకున్న మామూలు అర్థమే తీసుకునే లిటరల్ రూల్‌తో చదివితే వ్యాపారి వాదన బలంగానే ఉంటుంది. మూసిన ఖాతాలో సొమ్ము "చాలకపోవడం" ఏమిటి, అసలు ఖాతాయే లేదు కదా! పైగా ఇది శిక్షలున్న చట్టం, అలాంటిదాన్ని మాటలు దాటి చదవకూడదంటారు. మామూలు అర్థం అసంబద్ధానికి దారితీస్తే దాన్ని సర్దే గోల్డెన్ రూల్ ఇక్కడ అడ్డుతగులుతుంది. ఖాతాలో పది రూపాయలు ఉంచినవాడు నేరస్థుడై, మొత్తం ఊడ్చి మూసేసినవాడు బయటపడితే అర్థం అసంబద్ధమవుతుంది. కాబట్టి "చాలకపోవడం" అన్న మాటలో నిల్ బ్యాలెన్సూ ఇముడుతుందని చదవాలి.

మిస్చీఫ్ రూల్ చట్టం రాకముందుకి వెళ్తుంది. ఇంగ్లండ్‌లో 1584 నాటి హేడన్ కేసు అడగమన్నది ఇదే: పాత చట్టంలో లోటేమిటి, కొత్త చట్టం దానికి ఏ మందు వేసింది? 1989 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఈ సెక్షన్‌కి ముందు, బౌన్సైన చెక్కుకి సివిల్ దావా వేయాలి, లేదా మోసం రుజువు చేయాలి. చెక్కు మీద నమ్మకం నిలబెట్టడమే ఆ మందు. సుప్రీంకోర్టు 1999లో ఎన్‌ఈపీసీ మైకాన్ కేసులో ఈ దారినే వెళ్లి, ఖాతా మూసివేత కూడా సొమ్ము చాలకపోవడంలో ఒక రకమేనంది. చట్టం ఉద్దేశాన్ని బట్టి చదివే పర్పసివ్ పద్ధతి ఇంకాస్త ముందుకెళ్తుంది: 2012లో లక్ష్మీ డైకెమ్ కేసులో, సంతకం సరిపోలలేదని తిరిగొచ్చిన చెక్కునీ ఇందులోకే తెచ్చారు.

అపోహ: ఉద్దేశం చూస్తారు కాబట్టి గడువుల్లోనూ సర్దుకుంటారు.

అసలు నష్టం ఇక్కడే. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే మెమో అందిన 30 రోజుల్లో వ్యాపారికి నోటీసు పంపాలి. నోటీసు మార్చి 20న అందితే, డబ్బు కట్టడానికి వ్యాపారికి ఏప్రిల్ 4 వరకు 15 రోజులు. 5న మీకు కంప్లైంట్ వేసే హక్కు పుడుతుంది, అక్కణ్నుంచి నెల గడువు. ఆ రోజు లెక్కలోకి రాదు కాబట్టి మే 5 వరకు కంప్లైంట్ వేయవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు. తొందరపడి ఏప్రిల్ 2న వేస్తే మాత్రం అది కంప్లైంటే కాదని 2014లో యోగేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో తేల్చేశారు. "పదిహేను" అన్న అంకెకి రెండో అర్థం లేదు, అక్కడ లిటరల్ రూలే.

జడ్జి తనకు నచ్చిన రూలు ఎంచుకుంటారన్న అపోహకీ ఎన్‌ఈపీసీ మైకాన్, యోగేంద్ర ప్రతాప్ సింగ్ తీర్పులే జవాబు. ఖాతా మూసినవారి చెక్కు చేతిలో ఉంటే ముందు బ్యాంకు మెమో అందిన తేదీ చూసుకోండి.