ఫ్రీజరులో లేని సున్నా డిగ్రీలు

బెంగళూరు మారతహళ్ళిలో నేనుండే వీధిలోనే ఒక పీజీలో ఉంటూ పైథాన్ నేర్చుకుంటున్న మదనపల్లె అబ్బాయి ఒకడు ఆదివారాలు తన ప్రోగ్రాములు పట్టుకుని నా దగ్గరికి వస్తుంటాడు. వాళ్ళ బాబాయికి ఇక్కడే ఐస్‌క్రీం దుకాణం ఉంది. అక్కడి ఫ్రీజరులో పెట్టిన సెన్సరు పావుగంటకొకసారి ఉష్ణోగ్రతను నమోదు చేస్తుంది కాబట్టి రోజుకు 96 రీడింగులు వస్తాయి. వాటిలో గరిష్ఠాన్ని కనిపెట్టి రాత్రికి బాబాయి ఫోనుకు పంపే ప్రోగ్రామును ఆ అబ్బాయి రాశాడు. మొదటి రోజు సున్నా డిగ్రీలని వచ్చింది. రెండో రోజూ, మూడో రోజూ అదే సున్నా. ఐస్‌క్రీం మాత్రం రాయిలా గట్టిగానే ఉంది. "అన్నా, ఫ్రీజరు బాగానే ఉండాది, నా లెక్కే ఎక్కడో తప్పతా ఉండాది" అంటూ ఈ నాలుగు వరుసలు చూపించాడు.

```
highest = 0
for t in readings:
    if t > highest:
        highest = t
```

తప్పు ఎక్కడుందో తెలియాలంటే యంత్రం చేసే పనిని మనమే చేత్తో చేసి చూడాలి. ఆ రోజు రీడింగుల్లోంచి ఆరింటిని కాగితం మీద రాసుకున్నాం: −18.2, −19.0, −17.6, −18.8, −15.1, −18.5. వీటిలో అన్నిటికంటే పెద్దది −15.1, అది తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచినప్పటి రీడింగు. ఇప్పుడు మొదటి రీడింగును తీసుకుని −18.2 సున్నా కంటే పెద్దదా అని అడిగితే కాదు అనే జవాబు వస్తుంది. రెండోదానికీ కాదు, అసలు జవాబైన −15.1 వంతు వచ్చినప్పుడు కూడా కాదు. ఆరు పోలికలూ విఫలమయ్యాయి కనుక చివరి వరుస ఒక్కసారి కూడా నడవలేదు. తెర మీద కనిపించిన సున్నా రీడింగులలోంచి వచ్చినది కాదు, మొదటి వరుసలో ఆ అబ్బాయి తన చేత్తో రాసినదే.

ఈ తప్పును గుర్తుపట్టే ఆనవాలు కూడా ఇక్కడే ఉంది. ఒక లిస్టులోని గరిష్ఠం ఆ లిస్టులో ఉన్న సంఖ్యలలో ఒకటై తీరాలి. సగటు విషయంలో అలా ఉండనక్కరలేదు, మొత్తం విషయంలోనూ అక్కరలేదు, కానీ గరిష్ఠానికి ఆ నియమం తప్పదు. 96 రీడింగులనూ వెతికినా సున్నా ఎక్కడా కనబడకపోతే, దాన్ని లోపలికి తెచ్చింది ప్రోగ్రామే.

మరి ఇంత స్పష్టమైన తప్పు ముందే ఎందుకు బయటపడలేదు? ఫ్రీజరుకు పెట్టకముందు ఆ అబ్బాయి దీన్ని బెంగళూరు నగర ఉష్ణోగ్రతల మీద పరీక్షించి, సరైన జవాబే వచ్చిందని నిశ్చింతగా ఉన్నాడు. ఈ నగరంలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరి నాటిది. అంటే ఇక్కడి వాతావరణాన్ని ఎన్నేళ్ళు ఇచ్చినా ఈ లోపం బయటపడే అవకాశం లేదు. మార్కులు, ధరలు, వయసులు వంటి మామూలు అభ్యాసాల లెక్కలన్నీ ఇలాంటివే. లిస్టులో సున్నాగానీ అంతకంటే పెద్దదిగానీ ఒక్క సంఖ్య ఉంటే చాలు, మిగిలినవన్నీ మైనస్‌లో ఉన్నా జవాబు సరిగ్గానే వస్తుంది. ఇదే పొరపాటును కనిష్ఠం వెతికేటప్పుడు చేస్తే మొదటి రోజే దొరికిపోతుంది, ఎందుకంటే బెంగళూరులో నిన్నటి కనిష్ఠం సున్నా అని తెర మీద వస్తే ఎవరూ నమ్మరు.

నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యంగా తోచేది కొలమానం సంగతి. అవే ఆరు రీడింగులను ఫారెన్‌హీట్‌లోకి మార్చి అదే ప్రోగ్రాముకు ఇచ్చాం. −15.1 సెల్సియస్ అంటే 4.82 ఫారెన్‌హీట్ కాబట్టి అది సున్నాను దాటింది, జవాబు సరిగ్గా వచ్చింది. 273.15 కలిపి కెల్విన్‌లోకి మార్చినప్పుడు కూడా 258.05 అని సరిగ్గానే వచ్చింది. ఫ్రీజరు అదే, చలి అదే, ప్రోగ్రామూ అదే. సెల్సియస్‌లో మాత్రమే తప్పు. కెల్విన్‌లో సున్నాకు దిగువన ఉష్ణోగ్రతే ఉండదు కనుక అక్కడ సున్నాతో మొదలుపెట్టడంలో దోషం లేదు. సెల్సియస్‌లోని సున్నా అలాంటి అడుగు కాదు, నీరు గడ్డకట్టే చోట మనుషులు పెట్టుకున్న గుర్తు. దీన్ని ఒక పరీక్షగానూ వాడుకోవచ్చు: ప్రతి రీడింగుకూ ఒకే సంఖ్యను కలిపితే గరిష్ఠం కూడా సరిగ్గా అంతే పెరగాలి. ఇక్కడ 273.15 కలిపితే జవాబు 0 నుంచి 258.05కు మాత్రమే జరిగింది. ఆ తేడా 15.1 డిగ్రీలు, మొదటి వరుసలోని సున్నా మింగేసినంత.

సున్నా అలవాటు కూడిక నుంచి వస్తుందని నా అభిప్రాయం. మొత్తం కట్టేటప్పుడు సున్నాతో మొదలుపెట్టడం సరైనదే, ఎందుకంటే సున్నాను దేనికి కలిపినా దాని విలువ మారదు. గుణకారానికి ఆ పని 1 అనే సంఖ్య చేస్తుంది. గరిష్ఠానికి కూడా అలాంటి ఆరంభం కావాలంటే, దేనితో పోల్చినా ఓడిపోయే విలువ ఉండాలి, అంటే రుణ అనంతం. పైథాన్‌లో దాన్ని `float('-inf')` అని రాస్తారు.

అనంతం బదులు ఏదో ఒక చిన్న సంఖ్య చాలదా అని ఆ అబ్బాయి అడిగి, −100 పెట్టాడు. ఐస్‌క్రీం ఫ్రీజరుకు అది పనికొస్తుంది. కానీ ద్రవ నైట్రోజన్ మరిగేదే −196 డిగ్రీల దగ్గర కాబట్టి, దాన్ని ఉంచే పాత్రలోని రీడింగులకు ఇదే ప్రోగ్రామును వాడితే పాత తప్పే కొత్త అంకెతో తిరిగి వస్తుంది. జావా వాడేవారికి ఇంకో గుంట ఉంది. `Integer.MIN_VALUE` నిజంగానే అతి చిన్న పూర్ణాంకం, −2147483648. దాన్ని చూసి దశాంశాలకు `Double.MIN_VALUE` వాడితే అది రుణ సంఖ్యే కాదు, సున్నాకు అతి దగ్గరగా ఉండే ధన సంఖ్య. ఫ్రీజరు జవాబు అప్పుడు కూడా దాదాపు సున్నాయే. అక్కడ వాడవలసింది `Double.NEGATIVE_INFINITY`.

నాకు నచ్చే మార్గం లిస్టులోని మొదటి రీడింగుతోనే మొదలుపెట్టడం.

```
highest = readings[0]
for t in readings[1:]:
    if t > highest:
        highest = t
```

ఇలా రాస్తే `highest` లో ఉన్నది ఏ క్షణంలోనైనా అప్పటివరకు చూసిన రీడింగులలో పెద్దదే అవుతుంది, బయటి సంఖ్య లోపలికి వచ్చే దారే ఉండదు. ఆ ఆరింటికీ −15.1 వచ్చింది.

రెండు వారాల తరువాత సెన్సరు బ్యాటరీ అయిపోయి ఒక రోజంతా ఒక్క రీడింగూ రాలేదు. ఖాళీ లిస్టులో మొదటి రీడింగు అన్నదే ఉండదు కనుక ప్రోగ్రాము `IndexError` చూపి ఆగిపోయింది. పాత ప్రోగ్రామే ఉండి ఉంటే ఆ రాత్రి కూడా సున్నా డిగ్రీలని పంపేది, ఎవరికీ అనుమానం వచ్చేది కాదు. రుణ అనంతంతో మొదలుపెట్టినది `-inf` అని పంపేది, దాన్ని చూసి బాబాయికి ఏమీ అర్థమయ్యేది కాదు. ఆ అబ్బాయి లూప్‌కు ముందు లిస్టు ఖాళీగా ఉందో లేదో చూసే ఒక వరుస చేర్చాడు. ఇప్పుడు అలాంటి రోజున ఫోనుకు ఏ అంకే వెళ్ళదు, "ఈ రోజు రీడింగులు రాలేదు, సెన్సరు చూడండి" అన్న మాట వెళుతుంది.