బానిసత్వం రద్దు: తరగతిలో ఏటా వినే నాలుగు అపోహలు

డిగ్రీ విద్యార్థులకు ఆధునిక ప్రపంచ చరిత్ర చెబుతుంటాను. బ్రిటన్‌లో బానిసత్వ రద్దు ఉద్యమం పాఠం వచ్చిన ప్రతి ఏడాదీ అవే మాటలు వినిపిస్తాయి. పోటీ పరీక్షల గైడ్లలోనూ అవే ఉంటాయి. వాటిలో నాలుగింటిని ఇక్కడ తీసుకుంటున్నాను.

అపోహ: 1807 చట్టంతో బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం పోయింది.

1807లో ఆగింది బానిసల వ్యాపారం మాత్రమే. అంటే ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో ఎక్కించి కరీబియన్ దీవులకు తెచ్చి అమ్మడం. అప్పటికే జమైకా, బార్బడోస్ చెరకు తోటల్లో ఉన్నవాళ్లు బానిసలుగానే ఉన్నారు. వాళ్లకు పుట్టే పిల్లలు కూడా పుట్టుకతోనే బానిసలు.

ఉద్యమకారులు ఇక్కడ ఒక లెక్క వేసుకున్నారు. కొత్త బానిసలు దొరకకపోతే తోటల యజమానులు ఉన్నవాళ్లనైనా జాగ్రత్తగా చూసుకుంటారు, కాలక్రమంలో బానిసత్వం దానంతట అదే సన్నగిల్లుతుంది అనుకున్నారు. ఆ లెక్క తప్పింది. తప్పిందని తెలిసింది కూడా కాగితాల వల్లే. దొంగచాటు రవాణాను పట్టుకోవడానికి దీవుల్లో బానిసల రిజిస్టర్లు పెట్టించారు. చాలా చోట్ల మూడేళ్లకోసారి పేరు, వయసు రాసి, పుట్టినవాళ్లనీ చనిపోయినవాళ్లనీ నమోదు చేయాలి. ఒక రిజిస్టరు పక్కన తర్వాతి రిజిస్టరు పెట్టి చూస్తే చెరకు దీవుల్లో జనం తగ్గిపోతున్నారు. పుట్టుకల కంటే చావులు ఎక్కువ. పార్లమెంటులో ఉద్యమాన్ని నడిపిన థామస్ ఫోవెల్ బక్స్‌టన్ ఈ అంకెల్నే సభ ముందు పెట్టాడు. కొరడా దెబ్బల గురించి ఎన్ని చెప్పినా యజమానులు అబద్ధమనేవాళ్లు. ఈ అంకెలు మాత్రం వాళ్లు రాసిచ్చినవే.

అపోహ: విల్బర్‌ఫోర్స్ అనే ఒక గొప్ప మనిషి పార్లమెంటును ఒప్పించి సాధించాడు.

పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్ దాదాపు ఇరవై ఏళ్లు పట్టు వదలకుండా పోరాడిన మాట నిజం. కానీ సభ లోపల ఆయన మాటకు బరువొచ్చింది సభ బయటి జనం వల్ల. 1787లో లండన్‌లోని ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో పన్నెండు మంది కూర్చుని కమిటీ పెట్టుకున్నారు. అందులో తొమ్మిది మంది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్లు. కమిటీలో మరో సభ్యుడు థామస్ క్లార్క్‌సన్ గుర్రం మీద రేవు పట్టణాలన్నీ తిరిగి నావికుల్ని అడిగి సాక్ష్యాలు సేకరించాడు. 1792 నాటికి పార్లమెంటుకు 519 పిటిషన్లు చేరాయి.

నాకు ఇంకా ముఖ్యమనిపించేది 1820ల్లో జరిగింది. 1823లో ఏర్పడిన కొత్త సంఘం కూడా ‘క్రమక్రమంగా రద్దు’ అనే అడిగింది. లెస్టర్ పట్టణానికి చెందిన ఎలిజబెత్ హేరిక్ దీన్ని ఒప్పుకోలేదు. 1824లో ఒక కరపత్రం వేసి, క్రమంగా కాదు, వెంటనే రద్దు చేయాలంది. ఊళ్లో ఇంటింటికీ వెళ్లి బానిసల చేత పండించిన పంచదార కొనొద్దని చెప్పింది. మహిళా సంఘాలు ఒక్కొక్క ఊళ్లో పుట్టుకొచ్చాయి. వాళ్లు చేతిసంచులు కుట్టి, అందులో కరపత్రాలు పెట్టి పంచేవాళ్లు. భోజనాల బల్ల మీద పెట్టుకునే పంచదార గిన్నెల మీద ‘ఇది బానిసలు చేసినది కాదు, ఈస్టిండియా పంచదార’ అని రాయించారు. అతిథి టీలో పంచదార వేసుకోబోతే ఆ మాట కళ్లబడుతుంది, అక్కడే చర్చ మొదలవుతుంది.

1830లో బర్మింగ్‌హామ్ మహిళలు జాతీయ సంఘానికి ఒక తీర్మానం పంపారు. మీ పేరులోంచి ‘క్రమంగా’ అన్న మాట తీసేస్తేనే మేము ఏటా ఇచ్చే 50 పౌండ్లు ఇస్తాం అన్నారు. ఆ ఏడాది మేలో సంఘం ఆ మాట తీసేసింది. ఓటు హక్కు లేని ఆడవాళ్లు ఉద్యమం దిశను మార్చిన సంగతి మన గైడ్లలో ఒక్క వాక్యంలో కూడా ఉండదు. నాకు దీని మీద నిజంగా బాధ ఉంది.

అపోహ: బానిసలు ఓపికగా ఎదురుచూశారు, విముక్తి లండన్ నుంచి వచ్చింది.

జమైకాలో మాంటెగో బే దగ్గర శామ్యూల్ షార్ప్ అనే బానిస ఉండేవాడు. చదవడం వచ్చు. బాప్టిస్టు అనే క్రైస్తవ శాఖ సంఘంలో డీకన్, అంటే సంఘ పెద్ద. పత్రికలు చదివి, లండన్‌లో తమ గురించి చర్చ నడుస్తోందని తెలుసుకున్నాడు. ప్రార్థన సమావేశాల తర్వాత నమ్మకమైనవాళ్లను ఆపి ఒక పథకం చెప్పేవాడు. క్రిస్మస్ సెలవులు అయ్యాక ఎవరూ పనిలోకి వెళ్లకూడదు, కూలి ఇస్తేనే చెరకు కోస్తాం అనాలి. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే సమ్మె. చెరకు కోతకొచ్చే రోజులవి. కోత ఆలస్యమైతే పంట పాడవుతుంది కాబట్టి యజమాని దిగివస్తాడని ఆలోచన.

1831 డిసెంబరు 27 రాత్రి కెన్సింగ్టన్ అనే కొండ మీది తోట తగలబడింది. దాని వెంటే మిగతా తోటలూ అంటుకున్నాయి. జమైకాలో ఉన్న మూడు లక్షల మంది బానిసల్లో దాదాపు 60,000 మంది ఇందులో చేరారని అంచనా. చనిపోయిన తెల్లవాళ్లు 14 మంది. పోరులో రెండు వందలకు పైగా బానిసలు చనిపోయారు, తర్వాత విచారణ పేరుతో మూడు వందలకు పైగా మందిని చంపారు. షార్ప్‌ను 1832 మే 23న ఉరితీశారు. యజమానులు అంతటితో ఆగకుండా బాప్టిస్టు ప్రార్థనా మందిరాలు కూడా కూల్చారు. ఆ వార్తలతో బ్రిటన్‌లో చర్చికి వెళ్లే సామాన్య జనం రగిలిపోయారు. జమైకా నుంచి వచ్చిన మిషనరీ విలియం నిబ్ ఊరూరా సభల్లో తాను చూసింది చెప్పాడు. బానిసత్వం ఉంచితే మళ్లీ తిరుగుబాటు వస్తుందన్న భయం ప్రభుత్వానికి కూడా పట్టుకుంది.

1832లో ఓటు హక్కు చట్టం మారింది. ఆ తర్వాతి ఎన్నికల్లో ఉద్యమకారులు అభ్యర్థుల దగ్గర ముందే హామీ రాయించుకున్నారు. 1833లో 5,000కు పైగా పిటిషన్లు వచ్చాయి. వాటిలో ఒకటి మహిళలదే, 1,87,000 సంతకాలు. కాగితాలు ఒకదానికొకటి కలిపి చుట్టిన ఆ కట్టను సభలోకి మోయడానికి నలుగురు సభ్యులు పట్టాల్సి వచ్చింది.

అపోహ: 1833 చట్టం రాగానే అందరూ స్వేచ్ఛ పొందారు.

చట్టం 1834 ఆగస్టు 1 నుంచి అమలైంది. ఆ రోజు పూర్తి స్వేచ్ఛ చాలా దీవుల్లో ఆరేళ్ల లోపు పిల్లలకే. మిగతావాళ్లు ‘అప్రెంటిస్’ పేరుతో పాత యజమాని దగ్గరే జీతం లేకుండా వారానికి 45 గంటల దాకా పని చేయాలి. పొలం పనివాళ్లకు ఆరేళ్లు. నష్టపరిహారంగా ప్రభుత్వం 2 కోట్ల పౌండ్లు ఇచ్చింది, అదంతా యజమానులకు. ఏళ్ల తరబడి ఉచితంగా పనిచేసినవాళ్లకు ఒక్క పెన్నీ రాలేదు. అందుకే ఉద్యమం మళ్లీ మొదలైంది. ఉద్యమకారుడు జోసెఫ్ స్టర్జ్ స్వయంగా దీవులకు వెళ్లి, జైళ్లలో అప్రెంటిస్‌లను తొక్కుడు చక్రాలు ఎక్కించి హింసించడం గురించి బయటపెట్టాడు. 1838 ఆగస్టు 1న ఆ పద్ధతి రెండేళ్ల ముందే ముగిసింది.

ఇంకో విషయం మనకు నేరుగా తగులుతుంది. ఈస్టిండియా కంపెనీ పాలనలోని ప్రాంతాల్ని ఆ చట్టం నుంచి మినహాయించారు. కాబట్టి గిన్నె మీద అంత గర్వంగా రాయించిన ఈస్టిండియా పంచదార వచ్చిన నేల మీద కూడా బానిసత్వం ఉండేది. బానిసత్వాన్ని ఇక్కడి కోర్టులు గుర్తించకుండా చేసే చట్టం 1843లో గాని రాలేదు. ఈలోగా మారిషస్ తోటల యజమానులు బానిసల స్థానంలో భారత్ నుంచి ఒప్పంద కూలీల్ని తెప్పించుకోవడం మొదలుపెట్టారు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న మన కోరంగి రేవు నుంచి కూడా కూలీలు అక్కడికి వెళ్లారు. అందుకే మారిషస్‌లో తెలుగువాళ్లకు ‘కోరంగి’ అన్న పేరే పడింది.