ఫెయిలోవర్ ముగిశాక కూడా పూల్‌లో మిగిలే డెడ్ కనెక్షన్లు

అమెజాన్ ఆర్‌డీఎస్‌లో మల్టీ ఏజెడ్ పద్ధతిలో నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కు ప్రధాన సర్వర్‌తో పాటు మరో జోన్‌లో ఒక స్టాండ్‌బై ఉంటుంది. ప్రధాన సర్వర్ పడిపోతే, స్టాండ్‌బై సాధారణంగా 60 నుంచి 120 సెకన్లలో దాని స్థానంలోకి వస్తుంది; దీన్నే ఫెయిలోవర్ అంటారు. అప్లికేషన్ వాడే హోస్ట్ పేరు అప్పుడు మారదు. ఆ పేరుకు డీఎన్ఎస్ చెప్పే ఐపీ చిరునామా మాత్రమే మారుతుంది. అయినా జావా అప్లికేషన్ ఆ తర్వాత చాలాసేపు ఎర్రర్లు ఇస్తూనే ఉండవచ్చు.

పాత సర్వర్ పద్ధతిగా ఆగి ఉంటే, కనెక్షన్ మూసేస్తున్నానని టీసీపీ ద్వారా తెలిపేది. యంత్రమే ఒక్కసారిగా ఆగిపోతే ఆ కబురు రాదు కనుక, అప్లికేషన్ ముందే తెరిచి పూల్‌లో ఉంచుకున్న పది కనెక్షన్లూ బతికే ఉన్నాయని మన ఆపరేటింగ్ సిస్టమ్ నమ్ముతూనే ఉంటుంది. వాటిలో ఒకదానిపై క్వెరీ పంపితే, లినక్స్ తన డిఫాల్ట్ సెట్టింగ్ ప్రకారం ఆ ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ, సుమారు 15 నిమిషాల తర్వాత గానీ ఆశ వదులుకోదు. ఫెయిలోవర్ సమయానికే పంపేసి, జవాబు కోసం ఎదురుచూస్తున్న క్వెరీ పరిస్థితి ఇంకా దారుణం: పోస్ట్‌గ్రెస్ జావా డ్రైవర్‌లో `socketTimeout` డిఫాల్ట్ విలువ 0, అంటే నిరీక్షణకు హద్దే లేదు. అప్లికేషన్‌లోని అతి పొడవైన క్వెరీకి పట్టే సమయం కన్నా కొంచెం ఎక్కువగా దాన్ని పెట్టాలి.

కనెక్షన్‌ను చేతికిచ్చే ముందు పరీక్షించడం పూల్ చేయగలిగిన పని. హికారీ పూల్ `isValid()` ద్వారా ఆ పని చేస్తుంది, కానీ ఒక్కో పరీక్షకు డిఫాల్ట్‌గా 5 సెకన్ల వరకు వేచి ఉంటుంది, కనెక్షన్ అడిగిన థ్రెడ్‌కు మొత్తం గడువు 30 సెకన్లు. రాత్రివేళ ఒంటరిగా వచ్చిన ఒక రిక్వెస్ట్‌కు వరుసగా ఆరు డెడ్ కనెక్షన్లు తగిలితే, పూల్ సక్రమంగా పనిచేస్తూనే ఆ రిక్వెస్ట్‌ను విఫలం చేస్తుంది. అందుకే `validationTimeout` ను 1 సెకనుకు తగ్గించడం మంచిదని నా అభిప్రాయం.

డెడ్ కనెక్షన్లను తీసేశాక కొత్తవి ఎక్కడికి వెళ్తాయన్నది వేరే ప్రశ్న. జావా వర్చువల్ మెషీన్ ఒకసారి తెలుసుకున్న ఐపీని సాధారణంగా 30 సెకన్లు దాచుకుంటుంది. సెక్యూరిటీ మేనేజర్ ఆన్ చేసిన పాత వ్యవస్థల్లో, డిఫాల్ట్‌గా, ప్రాసెస్ ఆగేవరకు దాచుకుంటుంది. అలాంటి చోట ప్రతి కొత్త ప్రయత్నమూ పాత చిరునామాకే వెళ్లి, రీస్టార్ట్ చేశాకే సమస్య పోతుంది. `java.security` ఫైల్‌లో ఈ విలువ మార్చాలి:

```
networkaddress.cache.ttl=5
```

ఇది సెక్యూరిటీ ప్రాపర్టీ కావడం వల్ల, చాలామంది చేసేట్టు కమాండ్ లైన్‌లో `-D` తో ఇస్తే పట్టదు.

రెండింటిలో తప్పు ఎక్కడుందో తేల్చడానికి అప్లికేషన్ ఉన్న యంత్రంలో `ss -tn` నడిపి, 5432 పోర్టు పక్కన కనిపించే ఐపీని `dig` చూపే ఐపీతో పోల్చాలి. పాత ఐపీకి `ESTAB` కనిపిస్తే పూల్ పాత కనెక్షన్లను వదలలేదు. పాత ఐపీకే `SYN-SENT` కనిపిస్తే డీఎన్ఎస్ క్యాష్ వదలలేదు.