మూడో హెచ్చరిక ముందు, మొదటిది తర్వాత: బార్ చార్టుల్లోకి అక్షరక్రమం ఎలా వచ్చింది

కోనసీమలో మా బావగారి వరి చేను పక్కనే మురుగు కాలువ ఉంది. గోదావరికి వరద వచ్చినా, వాయుగుండం పట్టి వారం రోజులు వాన కొట్టినా, ఆ కాలువ నీళ్లు కిందికి దిగవు. ఎగదన్ని చేలోకి వస్తాయి. చేలో నీళ్లు నిలిచిన ప్రతి రోజునూ ఆయన ఒక నోటు పుస్తకంలో రాసుకుంటారు: తేదీ, నెల పేరు, ఆ రోజు ధవళేశ్వరం దగ్గర ఏ ప్రమాద హెచ్చరిక ఉందో. మూడేళ్లకు 46 వరుసలయ్యాయి. ఆ పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, నెలల వారీగా ఒక బార్ చార్టు గీసి చూపించాను.

అక్టోబర్ 12, ఆగష్టు 9, ఆగస్టు 8, జులై 6, నవంబర్ 7, సెప్టెంబర్ 4. కడ్డీలు ఎడమ నుంచి కుడికి దాదాపు మెట్లలా దిగుతూ వచ్చాయి.

"ఇదేంటోయ్, ఏడాది అక్టోబరుతో మొదలైందా? ఆగస్టులు రెండెందుకున్నాయి?" అన్నారు బావగారు.

రెండో చార్టు ఇంకా ఘోరం. హెచ్చరికల వారీగా గీస్తే వరుస ఇలా వచ్చింది: మూడో హెచ్చరిక, మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక, హెచ్చరిక లేదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారని ఈ లంకల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. మూడోది ఇచ్చారంటే సామాన్లు అటక మీదికి ఎక్కించాలి. అదే మాట కంప్యూటరుకి మాత్రం 'మ'తో మొదలయ్యే ఒక పదం, అంతే. మకు కొమ్ముదీర్ఘం వచ్చే 'మూ', ఒత్వం వచ్చే 'మొ' కంటే ముందుంటుంది కాబట్టి మూడోది ముందు నిలబడింది.

ఇది ఒక్క సాఫ్ట్‌వేరులో ఉన్న లోపం కాదు. దీనికి చాలా ఏళ్ల చరిత్ర ఉంది.

మొదట్లో ఈ సమస్యే లేదు. మనకు తెలిసిన తొలి బార్ చార్టుల్లో ఒకటి విలియం ప్లేఫెయిర్ 1786లో అచ్చువేసింది. స్కాట్లాండ్‌కు 17 దేశాలతో, ప్రాంతాలతో జరిగిన ఎగుమతులు, దిగుమతులు అందులో ఉన్నాయి. అందులో పేర్లు అక్షరక్రమంలో లేవు. చిన్న వ్యాపారం ఉన్న జెర్సీ లాంటివి పైన, పెద్ద వ్యాపారం ఉన్న రష్యా, ఐర్లండ్ కింద ఉన్నాయి. చేత్తో గీసేవాడు ఏ కడ్డీ ఎక్కడ పెట్టాలో తనే ఆలోచించుకుని పెట్టాలి. ఆలోచించకుండా వచ్చే వరుస అంటూ చేతి గీతలో ఉండదు.

అక్షరాలకు అంకెలు కట్టాక పరిస్థితి మారింది. 1963లో వచ్చిన ఆస్కీ అనే అంకెల పట్టికలో A అంటే 65, B అంటే 66. రెండు మాటల్లో ఏది ముందని అడిగితే యంత్రం ఆ అంకెల్ని పోల్చి చెప్పేస్తుంది. అర్థంతో దానికి పని లేదు. ప్రపంచ భాషల అక్షరాలకు అంకెలిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లో, దాని మొదటి రూపంలోనే, చోటు దొరికింది. మన వర్ణమాల వరుసకు దగ్గరగానే వాటికి అంకెలు ఇచ్చారు. అందుకే 'అక్టోబర్' ముందుకొస్తుంది, 'సెప్టెంబర్' చివరికి పోతుంది. నిఘంటువుకు అది సరైన వరుసే. నెలలకు కాదు.

ఈలోగా గణాంక శాస్త్రం వాళ్లు ఇంకో సంగతి పట్టుకున్నారు. 1946లో ఎస్.ఎస్. స్టీవెన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొలతల్ని నాలుగు రకాలుగా విడదీశాడు. అందులో మొదటి రెండూ మనకు ముఖ్యం. ఒకటి ఊళ్ల పేర్ల లాంటి వట్టి పేర్లు, వాటిలో ముందు వెనకలు లేవు. రెండోది వరుస ఉన్న పేర్లు: బాగుంది, పరవాలేదు, బాగాలేదు లాంటివి. మన హెచ్చరికలు ఈ రెండో రకం. చిక్కంతా ఎక్కడుందంటే, ఫైలులో రెండూ ఒకేలా కనబడతాయి. 'రాజోలు' అన్నా 'రెండో హెచ్చరిక' అన్నా అక్షరాల పేరే. వరుస మన తలలో ఉంది, ఫైలులో లేదు.

ఆ వరుసను కంప్యూటరుకు చెప్పడానికి గణాంకాల కోసం S అనే ప్రోగ్రామింగ్ భాష తయారుచేసినవాళ్లు ఒక పద్ధతి పెట్టారు, దాని తర్వాత అదే బాటలో వచ్చిన R భాష దాన్నే తీసుకుంది. దాని పేరు ఫ్యాక్టర్. ఒక పేర్ల నిలువు వరుసను ఫ్యాక్టర్‌గా మారిస్తే, పేర్లతో పాటు వాటి క్రమం కూడా 'లెవెల్స్' అని విడిగా దాచుకుంటుంది. క్రమం మనం ఇస్తే అదే పెట్టుకుంటుంది. ఇవ్వకపోతే ఉన్న పేర్లన్నీ ఏరి అక్షరక్రమంలో పేర్చుకుంటుంది. అలా పెట్టడానికి కారణం కూడా ఉంది. ఫైలులో వరుసలు ఎటు తిప్పినా ఒకే ఫలితం రావాలంటే ఏదో ఒక స్థిరమైన క్రమం కావాలి. అది లెక్కలకు మేలు చేసింది, చార్టులకు చేటు చేసింది.

చాలా ఏళ్లు R ఫైలు చదివేటప్పుడే పేర్లన్నిటినీ అడగకుండా ఫ్యాక్టర్లుగా మార్చేసేది. 2020లో R 4.0.0తో అది ఆగిపోయింది. ఇక చార్టుల్లో అక్షరక్రమం కూడా పోతుందని నేను గట్టిగా నమ్మాను. పోలేదు. R లో చార్టులు గీసే ggplot2 వట్టి పేర్లను చూస్తే గీసే ముందు తానే అక్షరక్రమంలో పేరుస్తుంది. టేబుల్‌ని ముందే సార్ట్ చేసి ఇచ్చినా పట్టించుకోదు, ఎందుకంటే అది చూసేది లెవెల్స్‌ని, వరుసల్ని కాదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు గంటలు గంటలు టెన్షన్ పడేది ఇక్కడే. పైథాన్ వాడేవాళ్లకు ఇదే ఏర్పాటు 2014లో, టేబుళ్లతో పని చేసే pandas లైబ్రరీ 0.15 వెర్షన్‌లో, కేటగారికల్ అనే పేరుతో వచ్చింది.

ఇంత పాత సమస్య అయితే ఇంగ్లీషులో పని చేసేవాళ్లు ఎప్పుడో దీన్ని పూర్తిగా తీర్చి ఉండాలి కదా? నాకు అర్థమైనంతలో కొన్నిచోట్ల వాళ్లను అదృష్టం కాపాడుతూ వచ్చింది. First, Second, Third అక్షరక్రమంలో పెట్టినా అదే వరుస. Kharif, Rabi కూడా అంతే. అదే మన మాటల్లో సార్వా, దాళ్వా అని రాస్తే దాళ్వా ముందొస్తుంది. జూన్‌లో కాలువలకు నీళ్లు వదిలి సార్వా ఊడ్చి, అది కోశాక కదా దాళ్వా. తెలుగులో ఫైలు పెట్టుకునేవాళ్లకు ఆ అదృష్టం లేదు, కాబట్టి వరుస మనమే చెప్పాలి.

నెలల విషయంలో ఎక్సెల్ కొంత సాయం చేస్తుంది. Jan, Feb, Mar అనే జాబితా దానికి ముందే తెలుసు, పివట్ టేబుల్ సార్ట్ చేసేటప్పుడు దాన్ని వాడుకుంటుంది. అయితే తెలుగులో రాసిన నెలలు ఆ జాబితాలో లేవు. పైగా డెల్టాలో నీటి ఏడాది జనవరిలో మొదలవదు. జూన్‌లో మొదలై మేలో ముగుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. జనవరి నుంచి డిసెంబర్ దాకా గీస్తే దాళ్వా పంట రెండు ముక్కలై, నారుమడి చార్టు చివర, కోత చార్టు మొదట పడతాయి. ఎక్సెల్‌లో మన జాబితా చేర్చాలంటే File, Options, Advanced లోకి వెళ్లి Edit Custom Lists దగ్గర జూన్ నుంచి మే దాకా ఒకసారి టైపు చేసుకోవాలి.

బావగారి పుస్తకానికి నేను R లో చేసింది ఇది. d అంటే ఆ 46 వరుసల టేబుల్, nela అంటే అందులో నెల పేర్లున్న నిలువు వరుస:

```r
library(ggplot2)
varusa <- c("జూన్", "జులై", "ఆగస్టు", "సెప్టెంబర్",
            "అక్టోబర్", "నవంబర్", "డిసెంబర్", "జనవరి",
            "ఫిబ్రవరి", "మార్చి", "ఏప్రిల్", "మే")
d$nela <- factor(d$nela, levels = varusa)
sum(is.na(d$nela))
ggplot(d, aes(nela)) + geom_bar() +
  scale_x_discrete(drop = FALSE)
```

నాలుగో పని, అంటే `is.na` లెక్క, ఎప్పుడూ మానకూడదు. నాకు అక్కడ 9 వచ్చింది. జాబితాలో నేను 'ఆగస్టు' అని రాశాను. బావగారు ఒక ఏడాదంతా 'ఆగష్టు' అని రాశారు. జాబితాలో లేని పేరు ఎదురైతే ఫ్యాక్టర్ పేచీ పెట్టదు, ఆ గడిని ఖాళీ చేసి ఊరుకుంటుంది. ggplot2 అయితే చివర NA అని ఒక కడ్డీ లేపుతుంది కాబట్టి కంట పడుతుంది. pandas లో groupby చేస్తే మామూలుగా ఆ కడ్డీ కూడా రాదు. ఆగస్టుకు 8 రోజులే అని చార్టు చెబుతుంది, చూసినవాళ్లు నమ్ముతారు. జులై, జూలై, ఏప్రిల్, ఎప్రిల్, మాట చివర తెలియకుండా పడ్డ ఒక ఖాళీ: తెలుగు ఫైళ్లలో ఇవి తప్పకుండా ఉంటాయి. ముందు పేర్లు ఏకం చేయాలి, తర్వాతే వరుస ఇవ్వాలి. వరుస ఇవ్వక ముందు ఎన్ని రోజులున్నాయో, చార్టులో కడ్డీలన్నీ కలిపితే అన్నీ ఉన్నాయో లేదో కూడి చూసుకోవాలి. మాకు 46కి 46 రావాలి.

చివరి గీతలో ఉన్న `drop = FALSE` ఖాళీ నెలల కోసం. అది లేకపోతే నీళ్లు నిలవని జూన్, డిసెంబర్, ఆ తర్వాతి నెలలు చార్టులోంచి మాయమై, ఏడాదికి అయిదే నెలలున్నట్టు కనబడుతుంది. నీళ్లు నిలవలేదన్నది కూడా రైతుకు కబురే.

ఆగష్టులన్నీ ఆగస్టులు చేసి మళ్లీ గీశాను. జూన్ ఖాళీ, జులై 6, ఆగస్టు 17, సెప్టెంబర్ 4, అక్టోబర్ 12, నవంబర్ 7, ఆపైన మే దాకా ఖాళీ. ముందటి చార్టులో మెట్లు దిగినట్టున్న చోట ఇప్పుడు రెండు గుట్టలు లేచాయి. అక్షరక్రమం అక్టోబరునీ ఆగస్టునీ పక్కపక్కన నిలబెట్టి రెండింటినీ ఒకే గుట్ట చేసింది. నిజానికి ఆగస్టు గుట్ట ఎగువ నుంచి వచ్చిన గోదావరి వరద. అక్టోబర్, నవంబర్ గుట్ట వాయుగుండాల వాన. హెచ్చరికల గడి చూస్తే ఆ రెండో గుట్టలోని రోజులన్నిటికీ 'హెచ్చరిక లేదు' అనే ఉంది. నది నిండుగా లేకపోయినా చేలో నీళ్లు నిలిచాయి.

బావగారు నవంబర్ కడ్డీ మీద వేలు పెట్టి చాలాసేపు చూశారు. "ఇవి కోతల రోజులోయ్. ఆగస్టు మునక నది వల్ల, దానికి మనం చేసేదేం లేదు. ఇది మాత్రం మురుగు కాలువలో తూడు తీయక" అన్నారు. తర్వాత ఆ కాగితం మడిచి, నీటి సంఘం మీటింగుకు తీసుకెళ్లడానికి జేబులో పెట్టుకున్నారు.