ఫోటోలో తెగిపోయిన చివరి వాక్యం

తెలిసిన కుర్రాడొకడు సంభావ్యత లెక్కను ఫోన్లో ఫోటో తీసి పంపాడు. పేజీ వంకరగా పడింది, చివరి వాక్యం సగంలో తెగింది. కనిపించినంత వరకు లెక్క ఇది: ఒక దుకాణానికి రోజుకు వచ్చే కొనుగోలుదారుల సంఖ్య పాయిజాన్ విభాజనం, సగటు 12. ఒక్కొక్కరు పెట్టే ఖర్చు 0 నుంచి 50 దాకా ఎంతైనా కావచ్చు, అన్నింటికీ సమాన అవకాశం. రోజు మొత్తం ఖర్చు సగటున ఎంత?

కింద అతని ప్రశ్న: "పన్నెండుని ఇరవై ఐదుతో గుణిస్తే మూడొందలు. ఇంతేనా? ఇంత తేలికైతే పాయిజాన్ ఎందుకిచ్చారు?"

జవాబు 300 సరైనదే. కానీ అతని అనుమానం కూడా సరైనదే. ఎంతమంది వస్తారో తెలియదు, ఎవరెంత పెడతారో తెలియదు. తెలియని రెండింటి సగటులను అలా గుణించేయడానికి మనకు హక్కెక్కడిది?

ముందు ఒక్క సంగతి తెలిసిపోయిందనుకుందాం. ఇవాళ సరిగ్గా n మంది వచ్చారు. అప్పుడు మొత్తం ఖర్చు సగటు 25n. ఎవరెంత పెట్టినా, సగటులు కూడితే మొత్తం సగటు వస్తుంది, అంతే. ఇప్పుడు n మారనిద్దాం. ఏడుగురు వచ్చిన రోజు 175, ఇరవై మంది వచ్చిన రోజు 500. ఈ 25nలకు రోజులన్నిటి మీదా సగటు తీస్తే, 25 బయటికొచ్చి n సగటు 12 మిగులుతుంది. వచ్చేవాళ్ళ సంఖ్యను N, ఒక్కొక్కరి ఖర్చును X, రోజు మొత్తాన్ని S, సగటును E అని రాస్తే:

```
E[S] = E[N] · E[X] = 12 · 25 = 300
```

ఇక్కడ పాయిజాన్‌కు పనే పడలేదు. సగటు 12 అయితే చాలు, ఏ విభాజనమైనా జవాబు అదే. పని పడింది మరోచోట: "n మంది వచ్చారు" అని తెలిశాక కూడా తలసరి ఖర్చును 25గానే ఉంచాం. జనం ఎక్కువొచ్చినా, తక్కువొచ్చినా ఒక్కొక్కరి ఖర్చు తీరు మారదనుకున్నాం. తెగిపోయిన వాక్యం బహుశా ఇదే అయివుంటుంది: ఖర్చులు కొనుగోలుదారుల సంఖ్య మీద ఆధారపడవు. ఇలాంటి లెక్కల్లో ఆ వాక్యం లేకపోతే ప్రశ్నే పూర్తి కాదు.

అది తప్పితే ఏమవుతుందో చూద్దాం. సగం రోజులు నలుగురు వస్తారు, తలా 35 పెడతారు. మిగతా సగం ఇరవై మంది వస్తారు, రద్దీలో విసిగి తలా 15 పెడతారు. రోజుల లెక్కన సంఖ్య సగటు 12, తలసరి సగటు 25. గుణిస్తే మళ్ళీ 300. కానీ నిజంగా వచ్చే మొత్తాలు 140, 300. వాటి సగటు 220. ఎనభై ఎక్కడో ఎగిరిపోయింది! తక్కువ ఖర్చు పెట్టేవాళ్ళు ఎక్కువమంది ఉన్నా, రోజులకు సమాన బరువిచ్చి సగటు తీయడమే దీనికి కారణం. అసలు లెక్కలున్నప్పుడు దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. రోజుకో చుక్క చొప్పున, అడ్డంగా ఆ రోజు సంఖ్య, నిలువుగా తలసరి ఖర్చు వేసి చూస్తే చాలు. చుక్కలు ఒక పక్కకు వాలితే గుణకారాన్ని నమ్మకూడదు.

మరి పాయిజాన్ ఎందుకిచ్చారు? ఫోటోలో కనపడని రెండో భాగం కోసమని నా అనుమానం: మొత్తం ఖర్చు ఎంత ఊగుతుంది? ఇక్కడ విస్తృతి కావాలి, అంటే సగటు నుంచి తేడాల వర్గాల సగటు. ఊగడానికి రెండు కారణాలున్నాయి. వచ్చినవాళ్ళు ఖర్చు పెట్టే తీరు ఒకటి: ఒక్కొక్కరి విస్తృతి 50²/12, సగటున 12 మంది, మొత్తం 2,500. (వర్గం కింద ఉన్న 12కూ మన 12 మందికీ సంబంధం లేదు, ఈ లెక్కలో అవి కలవడం కాకతాళీయం.) ఈ భాగం కోసం ఒకరి ఖర్చుకూ మరొకరి ఖర్చుకూ సంబంధం లేదని కూడా అనుకోవాలి. సగటుకు ఆ అవసరం రాలేదు. రెండో కారణం, సంఖ్యే మారడం. పాయిజాన్‌లో విస్తృతి సగటుకు సమానం, కాబట్టి 12. దాన్ని 25 వర్గంతో గుణిస్తే 7,500. రెండూ కలిపి 10,000. దాని వర్గమూలం, ప్రామాణిక విచలనం, 100.

తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. ఎప్పుడూ పన్నెండు మందే వస్తారనుకుంటే విచలనం 50 అని తేలుతుంది. మొత్తాన్ని N·X అని రాస్తే, అంటే ఆ రోజు వచ్చినవాళ్ళంతా ఒకే మొత్తం పెట్టినట్టు లెక్కిస్తే, 200 వస్తుంది. మూడింటికీ సగటు మాత్రం 300. కాబట్టి సగటు సరిపోయినంత మాత్రాన దారి సరైనదని చెప్పలేం.

కుర్రాడికి ఇదంతా రాసి, పేజీ కింది భాగం మళ్ళీ ఫోటో తీసి పంపమన్నాను.