పన్ను కట్టేది ఒకరు, మోసేది మరొకరు: కిలో సెస్సు, లీటరు సుంకంపై అపోహలు - వాస్తవాలు

పన్నుల లెక్కలు చూడటం నా పని. అందుకే బడ్జెట్ రోజుల్లో తెలిసినవాళ్లందరూ నన్ను అడిగేది ఒకటే: "ఈ పన్ను చివరికి ఎవరి మీద పడుతుంది?" అడిగినవారి దగ్గర జవాబు ముందే సిద్ధంగా ఉంటుంది. అది చాలాసార్లు తప్పు. కిలోకు ఇంత, లీటరుకు ఇంత అని వేసే పన్నుల విషయంలో తరచుగా వినిపించే అపోహలు కొన్ని చూద్దాం.

అపోహ: చట్టం ఎవరిని కట్టమంటే భారం వారిదే.

కొల్లేరు చుట్టుపక్కల చెరువుల చేపను తీసుకుందాం. అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి, ఇలాంటి సెస్సు నిజంగా లేదు. శీలావతి కిలో 120 రూపాయలకు రోజుకు 10,000 కిలోలు అమ్ముడవుతోంది. ప్రభుత్వం కిలోకు 10 రూపాయల సెస్సు వేసి, కొనే వ్యాపారిని కట్టమంది. రైతుకు సంబంధం లేదనుకుంటాం. కానీ మర్నాడు చెరువు గట్టు మీద బేరం మొదలయ్యేసరికే వ్యాపారి ఆ సెస్సును మనసులో తీసేసుకుని ధర చెబుతాడు. చట్టం రైతునే కట్టమని ఉంటే రైతు ధర పెంచి చెప్పేవాడు. ఎలా చూసినా తినేవాడు ఇచ్చే ధరకూ రైతు చేతికి వచ్చే ధరకూ మధ్య 10 రూపాయల తేడా వచ్చి కూర్చుంటుంది. ఆ పదిని ఎవరు ఎంత మోస్తారన్నది చలానా మీద ఉన్న పేరును బట్టి తేలదు.

తేల్చేది వ్యాకోచత్వం, అంటే ధర మారినప్పుడు కొనుగోలు గానీ అమ్మకం గానీ ఎంతగా కదులుతుందన్నది. శీలావతి రూపాయి పెరిగితే కొనేవారు బొచ్చె వైపో కోడి మాంసం వైపో మళ్లుతారు, రోజుకు 200 కిలోలు తగ్గుతాయి అనుకుందాం. రైతుకు ఆ వెసులుబాటు లేదు. పిల్ల వేశాడు, మేత పెట్టాడు, చేప పట్టుబడికి వచ్చింది. ఇంకా ఉంచితే మేత ఖర్చు పెరుగుతుంది. కాబట్టి ధర రూపాయి పడినా అతని అమ్మకం 50 కిలోలే తగ్గుతుంది. రెండు వైపులా తగ్గేది సమానం కావాలి కనుక లెక్క ఇక్కడ కుదురుతుంది: తినేవాడికి ధర 122, రైతుకు 112. కొనేవారు 2 మోశారు, రైతు 8 మోశాడు. సెస్సు కట్టిన వ్యాపారి మధ్యలో డబ్బు చేతులు మార్చాడు, అంతే.

అపోహ: ఏ పన్నయినా వ్యాపారులు మొత్తం జనం మీదే రుద్దుతారు.

పై లెక్కే దీనికి సగం జవాబు. మిగతా సగం కాలం చెబుతుంది. ఏడాది గడిచాక రైతు చేతులు కట్టేసి ఉండవు. కొందరు చెరువును రొయ్యలకు మారుస్తారు, కొందరు లీజు వదిలేస్తారు. ఇప్పుడు రైతు ధర రూపాయి తగ్గితే 800 కిలోలు తగ్గుతాయి అనుకోండి. అదే సెస్సు, అదే చేప, కానీ ఈసారి తినేవాడికి ధర 128, రైతుకు 118. భారం తిరగబడింది. పన్ను వేసిన నెలలోనే సర్వే చేసి "భారమంతా రైతుదే" అని తేల్చే నివేదికలను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే. రెండేళ్ల తర్వాత చూసి "రైతుకు ఏమీ కాలేదు" అనేవారు కూడా చెరువు వదిలేసిన వారిని లెక్కలోకి తీసుకోరు.

అపోహ: మనం కట్టిన పన్నే సమాజానికి నష్టం.

కట్టింది ఖజానాకు చేరింది. దాన్ని బాగా ఖర్చు పెట్టారా లేదా అన్నది వేరే గొడవ. డెడ్‌వెయిట్ నష్టం అంటే ఎవరికీ చేరనిది. మొదటి లెక్కలో రోజుకు 400 కిలోల అమ్మకం ఆగిపోయింది. అందులో ఒక కిలో చూడండి: ఒకావిడ దానికి 121 రూపాయల దాకా ఇస్తుంది, రైతు 116కైనా అమ్ముతాడు. బేరం జరిగి ఉంటే ఇద్దరికీ కలిపి 5 రూపాయల మేలు. మధ్యలో 10 రూపాయల సెస్సు ఉంది కాబట్టి బేరం జరగలేదు. ఆవిడ కొనలేదు, రైతు అమ్మలేదు, ప్రభుత్వానికి సెస్సూ రాలేదు. ఆగిపోయిన కిలోల్లో కొన్నింటి మేలు సున్నాకు దగ్గర, కొన్నింటిది పదికి దగ్గర, సగటు 5. అంటే 400 కిలోలకు 2,000 రూపాయలు. ఖజానాకు వచ్చింది 96,000.

సెస్సును 20 చేస్తే ఆగే అమ్మకం 800 కిలోలు, ఒక్కో కిలో మీద పోయే సగటు మేలు 10. నష్టం 8,000. రాబడి 1,84,000, అంటే రెట్టింపు కూడా కాలేదు. నష్టం మాత్రం నాలుగింతలైంది. సెస్సు పెంచకపోయినా ఏడాది తర్వాతి లెక్కలో 1,600 కిలోలు ఆగుతాయి కాబట్టి అక్కడా నష్టం 8,000కు చేరుతుంది. రైతుకు తప్పించుకునే దారి దొరకడం అతనికి మంచిదే, కానీ తప్పించుకున్న ప్రతి కిలో ఈ పద్దులోకి వస్తుంది.

అపోహ: ధర పెరగలేదు కాబట్టి పన్ను మన మీద పడలేదు.

ఇది నన్ను అన్నింటికన్నా చిరాకు పెట్టే మాట. 2020 మేలో మొదలుకొని చాలాసార్లు విన్నాను. ఆ నెల 6 నుంచి కేంద్రం పెట్రోలుపై లీటరుకు 10, డీజిలుపై 13 రూపాయల సుంకం పెంచింది. అంతకు ముందు మార్చిలో రెండింటిపైనా 3 రూపాయలు పెంచింది. మే పెంపు రోజున బంకులో ధర కదలలేదు. "చమురు కంపెనీలే భరించాయి" అన్నారు.

బోర్డు మీది నిన్నటి ధరతో పోల్చడమే పొరపాటు. పన్ను లేకపోతే ఉండాల్సిన ధరతో పోల్చాలి. మన దేశం కొనే ముడి చమురు 2020 జనవరిలో బ్యారెల్ 64 డాలర్ల ప్రాంతంలో ఉండి, ఏప్రిల్‌కు దాదాపు 20 డాలర్లకు పడింది. బ్యారెల్‌కు 159 లీటర్లు. అప్పటి మారకపు విలువతో లీటరు ముడి చమురు సుమారు 29 రూపాయల నుంచి 10 లోపుకు దిగినట్టు. స్థూలంగా 19 రూపాయలు దిగి రావాల్సిన చోట పెట్రోలుపై 13, డీజిలుపై 16 సుంకంలో కలిసిపోయాయి. మనం సుంకం పెంచామని ఎగుమతి దేశాలు ముడి చమురు చెప్పుకోదగినంతగా తగ్గించి అమ్మవు. అంటే సరఫరా వైపు నుంచి భారం మోసేవారు దాదాపు లేరు. రోజూ ఆఫీసుకు బండి మీద వెళ్లేవారు వెంటనే మానుకోలేరు. భారం ఎటు పోతుందో చెప్పడానికి ఇంతకన్నా తేలికైన సందర్భం ఉండదు. పెంపు కనబడలేదు, ఎందుకంటే అది రావాల్సిన తగ్గింపును తినేసింది.

అపోహ: పెట్రోలుకు డిమాండ్ తగ్గదు కాబట్టి పన్ను ఎంత వేసినా నష్టం ఉండదు.

రాష్ట్రం మొత్తానికి, కొద్ది నెలలకు చూస్తే డిమాండ్ నిజంగానే పెద్దగా కదలదు. పైగా పొగ, రద్దీ వల్ల ఇతరులకు కలిగే హాని ఉంది కాబట్టి తగ్గిన ప్రతి లీటరూ నష్టమే అనలేం. కానీ సరిహద్దు దగ్గర కథ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో వ్యాట్ శాతానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు కొన్నేళ్లుగా ఉన్నాయి. కర్ణాటకలో ధర తక్కువ. అనంతపురం జిల్లా సరిహద్దులో ఉన్న బంకుకు వచ్చే లారీకి, కొద్ది కిలోమీటర్ల అవతల మరో బంకు ఉంది. ఇవతలి బంకు యజమానికి డిమాండ్ వ్యాకోచత్వం చాలా ఎక్కువ. ధర నిర్ణయించేది కంపెనీ కాబట్టి అతను తగ్గించి అమ్మలేడు. అతని వాటా భారం ధరలో కాదు, పోయిన లీటర్ల మీద రావాల్సిన కమీషన్‌లో కనిపిస్తుంది. పోయిన లీటర్ల పన్ను అవతలి రాష్ట్ర ఖజానాకు వెళ్తుంది, కాబట్టి దేశం లెక్కలో అదంతా నష్టం కాదు. చవక డీజిలు కోసం లారీ అదనంగా తిరిగిన దూరం మాత్రం ఏ ఖజానాకూ చేరదు.