సంక్రాంతి తర్వాతి సోమవారానికి ఎంతమంది కావాలి?

కాల్ సెంటర్‌కు వచ్చే నెల ఎంతమంది ఉద్యోగులు కావాలో చెప్పమంటే ఎవరికైనా మొదట తోచేది భాగహారమే. హైదరాబాద్‌లో ఇళ్లకు ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక సంస్థ ఉందనీ, దానికి తెలుగులో మాట్లాడే కాల్ సెంటర్ ఒకటి రోజూ ఉదయం 8 నుంచి రాత్రి 7 వరకు పనిచేస్తుందనీ లెక్క కోసం అనుకుందాం. 2026 జనవరిలో దానికి సుమారు 49,400 కాల్స్ వస్తాయని అంచనా వేశారు. ఒక్కో కాల్‌కు మాట్లాడటానికి 4 నిమిషాలు, ఆ తర్వాత ఫిర్యాదు వివరాలు కంప్యూటర్లో ఎక్కించడానికి ఒక నిమిషం పడితే మొత్తం పని 4,120 గంటలవుతుంది. వారానికొక సెలవు, రిపబ్లిక్ డే పోగా ఒక ఉద్యోగి 26 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 208 గంటలు పనిచేస్తాడు. భాగిస్తే వచ్చే జవాబు 20 మంది. అదే ప్రశ్న ఈ పనిలో చేయి తిరిగిన ప్లానర్‌ను అడిగితే 36 అంటాడు. ఈ 16 మంది తేడాలో దుబారా ఏమీ లేదు. వారిలో ప్రతి ఒక్కరికీ లెక్క ఉంది.

ముందు ఆ 49,400 ఎలా వచ్చిందో చూద్దాం. కాల్స్ అన్ని రోజులూ సమానంగా రావు. పాత రికార్డులు చూసి సగటు రోజును 1.00 అనుకుంటే, మన ఉదాహరణలో సోమవారానికి 1.25, మంగళవారానికి 1.10, బుధవారానికి 1.05, గురు, శుక్రవారాలకు 1.00, శనివారానికి 0.90, ఆదివారానికి 0.70 బరువులు తేలాయి. 2026 జనవరిలో గురు, శుక్ర, శనివారాలు ఐదేసి, మిగతా వారాలు నాలుగేసి వచ్చాయి కాబట్టి బరువుల మొత్తం 30.9. సగటు రోజుకు 1,600 కాల్స్ చొప్పున గుణిస్తే నెల మొత్తం వస్తుంది. ఇక్కడ పాత రికార్డును కళ్లు మూసుకుని వాడకూడదు. ఎక్కడో రోడ్డు తవ్వుతుంటే కేబుల్ తెగిన రోజున కాల్స్ రెట్టింపై ఉంటాయి. ఆ రోజును తీసేయకపోతే అది వచ్చే ఏడాది కూడా జరుగుతుందని లెక్క నమ్ముతుంది. ఎత్తిన కాల్స్‌ను కాకుండా వచ్చిన కాల్స్‌ను లెక్కించాలి, లేకపోతే మనుషులు చాలని రోజు పని తక్కువ ఉన్న రోజులా కనిపిస్తుంది. అయితే విసిగి పెట్టేసిన మనిషి పది నిమిషాల్లో మళ్లీ చేస్తాడు కనుక, ఒకే నంబర్ నుంచి కొద్దిసేపట్లో వచ్చిన కాల్స్‌ను ఒకటిగా కలపాలి. నా దృష్టిలో మొత్తం అంచనాలో సగం నాణ్యత ఈ శుభ్రం చేసే పనిలోనే తేలిపోతుంది.

నెల మొత్తం తెలిసినా మనుషుల సంఖ్య దాని నుంచి నేరుగా రాదు. నెలను రోజులుగా, రోజును అరగంటలుగా విడదీయాలి. సోమవారం 2,000 కాల్స్ వస్తాయి. వాటిలో 6 శాతం, అంటే 120, ఉదయం 11 నుంచి 11.30 మధ్య పడతాయనుకుందాం. ఒక్కోదానికి 300 సెకన్లు. అరగంటలో ఉన్నవి 1,800 సెకన్లు. 120 × 300 ÷ 1800 = 20. అంటే ఆ అరగంటలో సగటున ఇరవై సంభాషణలు ఏకకాలంలో నడుస్తుంటాయి. ఈ భారాన్ని కొలిచే ప్రమాణం పేరు ఎర్లాంగ్. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన డేనిష్ గణితజ్ఞుడు ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్, కాల్స్ యాదృచ్ఛికంగా వస్తాయన్న ఆధారంతో 1909లో తొలి వ్యాసం, 1917లో నిరీక్షణ సూత్రాలు ప్రచురించాడు. ఎక్స్ఛేంజీ లైన్ల కోసం ఆయన వేసిన లెక్కనే నేటి కాల్ సెంటర్లు కుర్చీల కోసం వాడుకుంటున్నాయి.

ఇరవై ఎర్లాంగ్‌ల భారానికి ఇరవై మంది చాలరు. కాల్స్ వరుసగా, సమాన విరామాలతో రావు. ఒక నిమిషంలో ఎనిమిది వచ్చి తర్వాతి నిమిషంలో ఒకటే రావచ్చు. ఖాళీగా గడిచిన నిమిషాన్ని దాచుకుని తర్వాత వాడుకోలేం, పేరుకుపోయిన క్యూ మాత్రం అలాగే ఉండిపోతుంది. అందుకే సరిగ్గా ఇరవై మంది ఉంటే, సూత్రం ప్రకారం, క్యూ పెరుగుతూనే పోతుంది. చాలా సంస్థలు పెట్టుకునే లక్ష్యం 80 శాతం కాల్స్‌ను 20 సెకన్లలోపు ఎత్తడం. ఎర్లాంగ్ సి అనే సూత్రంతో లెక్కిస్తే 25 మంది ఉన్నప్పుడు 85 శాతం కాల్స్ ఆ గడువులో అందుతాయి, సగటు నిరీక్షణ 12 సెకన్ల చిల్లర. 24 మంది ఉంటే 77 శాతం, 23 మంది ఉంటే 66 శాతం. 22కు దిగితే 50 శాతమే, నిరీక్షణ 85 సెకన్లు. 21 మంది మిగిలితే 29 శాతం, నిరీక్షణ దాదాపు నాలుగు నిమిషాలు. మెట్లు దిగుతున్న కొద్దీ ఒక్కో మెట్టు ఎంత లోతవుతోందో గమనించండి. మొదటి మనిషి రాకపోతే జరిగే నష్టం కంటే నాలుగో మనిషి రాకపోతే జరిగే నష్టం చాలా పెద్దది. గైర్హాజరీ లెక్కకు వచ్చేసరికి ఈ ఒక్క విషయమే అన్నిటినీ శాసిస్తుంది.

ఇలా నెలలోని ప్రతి అరగంటకూ కావలసిన మనుషులను లెక్కించి కలిపితే మన కాల్ సెంటర్‌కు దాదాపు 5,450 సీటు గంటలు తేలాయి. దాన్ని 208తో భాగిస్తే 26 మంది. ఫోన్ మీద గడిచేది అందులో మూడు వంతులే కనుక మిగతా పావు వంతు వృథా అని పై అధికారికి అనిపిస్తుంది, కానీ క్యూ పెరగకుండా ఆపుతున్నది ఆ పావు వంతే. సంస్థ పెద్దదైతే ఈ ఖాళీ వంతు కొంత తగ్గుతుంది: భారం 40 ఎర్లాంగ్‌లకు పెరిగితే 50 మంది అక్కర్లేదు, 46 మంది చాలు. తెలుగుకు, హిందీకి వేర్వేరు క్యూలు నడిపే చోట రెండు భాషలూ వచ్చిన ఉద్యోగికి విలువ ఎక్కువ కావడానికి కారణం ఇదే.

జీతం ఇచ్చే గంటలన్నీ ఫోన్ దగ్గర గడవవు. ఈ తరుగును కాల్ సెంటర్లలో ష్రింకేజ్ అంటారు. జనవరికి ముందే మంజూరైన సెలవులు 6 శాతం, చెప్పకుండా మానేయడం 8 శాతం, హాజరైన వారిలోనూ శిక్షణకు, మీటింగులకు, కంప్యూటర్ మొరాయింపులకు పోయేది 7 శాతం అనుకుందాం. ఇవి ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి కూడకూడదు, గుణించాలి: 0.94 × 0.92 × 0.93 = 0.80. అంటే తరుగు సుమారు 20 శాతం. తరచూ జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. 26కు మరో 20 శాతం కలిపితే 31 వస్తుంది, అది తప్పు. మిగిలే భాగంతో, అంటే 0.80తో, భాగించాలి, అప్పుడు వచ్చేది దాదాపు 33. ఇక ఎనిమిది గంటల షిఫ్ట్ కాల్స్ ఎత్తుపల్లాలకు ఎప్పుడూ అచ్చంగా అమరదు. ఉదయం 11కు కావలసిన మనిషి మధ్యాహ్నం 3కు అదనంగా మిగులుతాడు. దానికి మరో ముగ్గురిని కలిపితే 36.

చెప్పకుండా మానేసేవారు 8 శాతమన్నది నెల సగటు మాత్రమే, ఆ సగటు ఏ ఒక్క రోజుదీ కాకపోవచ్చు. మామూలు 24 రోజుల్లో గైర్హాజరీ 6 శాతమే ఉండి, సంక్రాంతి చుట్టూ ఉన్న 7 రోజుల్లో 15 శాతం ఉన్నా నెల సగటు 8 శాతమే వస్తుంది. సోమవారం ఉదయం 25 మంది ఫోన్ దగ్గర ఉండాలంటే 25ను 0.92తోనూ 0.93తోనూ భాగించి 30 మందిని రోస్టర్లో వేస్తారు. ఎవరి ఇబ్బంది వారిదే అయి, ఒకరి గైర్హాజరీకీ మరొకరిదానికీ సంబంధం లేకపోతే, ఈ 30 మందిలో ఐదుగురు లేదా అంతకు మించి రాని రోజులు నూటికి తొమ్మిది దాకా ఉంటాయని సంభావ్యత లెక్క చెబుతుంది. నిజంలో సంబంధం ఉంటుంది. ఒకే వాన, ఒకే వైరల్ జ్వరం, ఒకే క్యాబ్ చెడిపోవడం నలుగురినీ కలిపి ఆపుతుంది. పండగైతే చెప్పనే అక్కర్లేదు.

2026లో కనుమ జనవరి 16, శుక్రవారం. పండగ రోజుల్లో కాల్స్ బాగా పలచబడతాయి కాబట్టి అప్పటి గైర్హాజరీ అంతగా బాధించదు. శని, ఆదివారాలు కలిసి రావడంతో ఊళ్లకు వెళ్లినవారంతా ఆదివారం రాత్రి బయలుదేరతారు. విజయవాడ రహదారిలో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరిన కార్లలో కాల్ చేయబోయే వినియోగదారులూ, ఆ కాల్ ఎత్తవలసిన ఉద్యోగులూ కలిసే ఉంటారు. 19వ తేదీ సోమవారం వారంలోకెల్లా ఎక్కువ కాల్స్ వచ్చే రోజు. వారం రోజులు మూసి ఉంచిన ఇంట్లో రూటర్ పనిచేయకపోతే ఫిర్యాదు ఆ ఉదయమే వస్తుంది. ఆ రోజు గైర్హాజరీ 20 శాతం అనుకోండి: 30 మందిలో 24 మంది వస్తారు, శిక్షణకూ ఇతర పనులకూ పోయేది తీసేస్తే ఫోన్ దగ్గర ఉండేది 22 మంది. కాల్స్ పెరగకపోయినా సగం మందికే గడువులో జవాబు దొరుకుతుంది. నెల చివర నివేదికలో మాత్రం గైర్హాజరీ అంచనా 8, వాస్తవం 8 అని అందంగా కనబడుతుంది. అందుకే అంచనా మంచి చెడ్డలను నెల మొత్తంతో కాక అరగంటల వారీగా పోల్చి చూడాలి.

దీనికి మందు కొత్త ఉద్యోగాలు కాదు, రోజుల మార్పిడి. భోగికీ సంక్రాంతికీ సెలవులు ధారాళంగా ఇచ్చి, ఆ వారపు వీక్లీ ఆఫ్‌లను కూడా అక్కడికే జరిపి, సోమవారం రోస్టర్‌ను 33కు పెంచి, ఆ రోజు శిక్షణ రద్దు చేస్తే లోపలి తరుగు 3 శాతానికి దిగుతుంది. 20 శాతం రాకపోయినా 26 మంది వస్తారు, 25 మంది ఫోన్ దగ్గర ఉంటారు. ఇది తెలియాలంటే హాజరు పట్టీని నెల వారీగా కాక రోజు వారీగా, పండగకు ముందు ఎన్ని రోజులు, తర్వాత ఎన్ని రోజులు అన్న లెక్కన భద్రపరచాలి. సంక్రాంతి తేదీ పెద్దగా కదలదు గానీ దసరా తేదీ 2025లో అక్టోబర్ 2, 2026లో అక్టోబర్ 20. 2025 అక్టోబర్ మొదటి వారాన్ని చూసి 2026 అక్టోబర్ మొదటి వారాన్ని ఊహిస్తే ఆ వారమూ, పండగ వచ్చే వారమూ రెండూ తప్పుతాయి.

ఎర్లాంగ్ సి సూత్రానికీ ఒక హద్దుంది. క్యూలో ఉన్నవారు ఎంతసేపైనా విసుగు లేకుండా వేచి ఉంటారని అది అనుకుంటుంది. నిజానికి కొందరు పెట్టేస్తారు, దాంతో మిగిలినవారి వంతు త్వరగా వస్తుంది. కాబట్టి 21 మంది ఉన్నప్పుడు వచ్చిన నాలుగు నిమిషాల అంకెను అక్షరాలా నమ్మకూడదు. స్వీడన్‌కు చెందిన కోనీ పామ్ 1940ల్లో ఈ విసుగును కూడా లెక్కలోకి తీసుకున్నాడు, ఆయన దారిలో వచ్చిన నమూనాను ఇప్పుడు ఎర్లాంగ్ ఎ అంటున్నారు. ఉన్న లోటును చిన్నదిగా చూపించడానికి కూడా ఈ నమూనాను వాడేవారున్నారు, ఎందుకంటే పెట్టేసిన కాల్స్ ఎక్కువయ్యే కొద్దీ సగటు నిరీక్షణ మెరుగుపడినట్టే కనిపిస్తుంది. గడువులో ఎత్తిన కాల్స్ శాతాన్ని చెప్పే సర్వీస్ లెవెల్ పక్కనే ఎంత శాతం పెట్టేశారో కూడా అడిగితే ఆ మాయ బయటపడుతుంది.

జనవరికి కావలసిన 36 మందిలో కొత్తవారు ఉంటే వారిని తీసుకుని, శిక్షణ ఇచ్చి, ఫోన్ దగ్గర కూర్చోబెట్టడానికి వారాలు పడుతుంది కనుక ఈ అంకె నవంబర్‌లోనే తేలాలి. అప్పటికి జనవరి కాల్స్ గురించి ఉన్నది అంచనాయే, మధ్యలో ఉద్యోగం మానేసేవారి గురించి ఉన్నదీ అంచనాయే. అందుకే ప్లానర్లు 36 అని ఒకే అంకె రాయకుండా 35 నుంచి 38 వరకు అని రాసి, నెలకు ముగ్గురు ఉద్యోగం మానేసే కాల్ సెంటర్ అయితే నవంబర్ జాబితాలో మరో ఆరుగురిని ముందుగానే చేర్చుకుంటారు.